ముహూర్తాల సీజన్, పదిహేను మంది టీమ్, ఒక్క డ్రోన్: ఫొటో స్టూడియోకి షెడ్యూలింగ్ టూల్ ఎంచుకోవడం ఎలా

విజయవాడలాంటి ఊళ్లో ఒక మోస్తరు వెడ్డింగ్ ఫొటోగ్రఫీ స్టూడియోలో జీతం మీద ఉండేవాళ్లు ఐదారుగురే. ఓనర్, ఇద్దరు కెమెరామెన్, ఒక వీడియోగ్రాఫర్, ఒక ఎడిటర్, ఒక ఆల్బమ్ డిజైనర్. సీజన్ మొదలైతే ఈవెంట్‌కి ఇంత అని మాట్లాడుకుని పిలిచే ఫ్రీలాన్సర్లు మరో పదిమంది దాకా వచ్చి కలుస్తారు. క్యాండిడ్ తీసేవాళ్లు, సినిమాటిక్ వీడియో తీసేవాళ్లు, డ్రోన్ ఎగరేసే అబ్బాయి, లైవ్ ఇచ్చేవాళ్లు. ఆషాఢంలో, పుష్యంలో, మూఢం రోజుల్లో ఫోన్ మోగదు. మంచి ముహూర్తం పడిందంటే ఒకే రోజు నాలుగు పెళ్లిళ్లు, వాటి చుట్టూ హల్దీలు, రిసెప్షన్లు, వ్రతాలు.

ఇలాంటి టీమ్ షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ కోసం వెతకడం మొదలుపెట్టగానే కనిపించేవన్నీ ఆఫీసుల కోసం తయారైన టూల్సే. ఉదయం తొమ్మిదికి వచ్చి సాయంత్రం ఆరుకి వెళ్లే మనుషుల్ని, సోమవారం నుంచి శుక్రవారం దాకా నడిచే వారాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. వాటిలో వంద ఫీచర్లుంటాయి. ఈ పనికి అవసరమైనవి నాలుగైదే. చిక్కేమిటంటే ఆ నాలుగైదు డెమో వీడియోలో కనిపించవు. కంటికి ఇంపుగా కనిపించేవాటిలో చాలా భాగం ఎవరో ఒకరు రోజూ కూర్చుని నింపితే తప్ప పనిచేయవు. రెండు చేతుల్లో కెమెరా ఉన్న మనిషి దగ్గర ఆ నింపే టైమ్ ఉండదు. ఏ ఫీచర్ చూసినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: దీనికి కావాల్సిన సమాచారం ఎవరు, ఎప్పుడు, ఏ ఫోన్‌లోంచి ఎక్కిస్తారు?

తేదీ రాసుకుంటే సరిపోదు

మామూలుగా స్టూడియోలో బుకింగ్ డైరీలోనో గోడ క్యాలెండర్ మీదో ఉంటుంది. ఆ తేదీ గడిలో పార్టీ పేరు, ఊరు, కల్యాణ మండపం పేరు. ఫోన్ క్యాలెండర్‌కి మారినవాళ్లు కూడా చాలామంది అదే పద్ధతిని అక్కడికి తీసుకెళ్తారు. అంటే `All day` అని పెట్టి పేరు రాసేస్తారు. మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెనాలిలో ఒక పెళ్లి. శుభలేఖలో "శనివారం రాత్రి 2 గంటల 36 నిమిషాలకు, తెల్లవారితే ఆదివారం" అని ఉంది. ఏలూరులో ఇంకో పెళ్లి, ఆదివారం ఉదయం 9 గంటల 40 నిమిషాలకు. డైరీలో ఒకటి శనివారం గడిలో, ఒకటి ఆదివారం గడిలో పడతాయి. రెండు రోజులు, రెండు పెళ్లిళ్లు. ఒకే కెమెరామన్‌ని రెండింటికీ వేసినా డైరీలో ఏ ఇబ్బందీ కనిపించదు.

ఇప్పుడు ఆ కెమెరామన్ వైపు నుంచి లెక్క వేయాలి. తెనాలిలో ఎదురుకోలు, స్నాతకం కవర్ చేయాలంటే శనివారం సాయంత్రం ఆరింటికల్లా అక్కడ ఉండాలి. అంటే విజయవాడలో నాలుగున్నరకి బయల్దేరాలి. ముహూర్తం అయ్యాక తలంబ్రాలు, అరుంధతీ దర్శనం, అప్పగింతలు అయ్యేసరికి ఆదివారం ఉదయం ఆరు. ఏలూరులో పెళ్లికూతుర్ని చేసే కార్యక్రమం దగ్గర్నుంచి తీయాలంటే ఆ ఆరింటికే అక్కడ ఉండాలి. తెనాలి నుంచి ఏలూరు విజయవాడ మీదుగా వెళ్తే దాదాపు రెండు గంటల దారి. పైగా అతని మెమరీ కార్డులు నిండిపోయి ఉంటాయి, బ్యాటరీలు అయిపోయి ఉంటాయి, రాత్రంతా నిద్ర ఉండదు. ఆ స్థితిలో కారు నడుపుకుంటూ వెళ్లమనడం ప్రమాదం కూడా.

అందువల్ల టూల్‌లో రాయాల్సింది పెళ్లి తేదీ కాదు, ముహూర్తం ఒక్కటే కూడా కాదు. ఆ మనిషి ఎప్పుడు బయల్దేరతాడు, మళ్లీ ఎప్పుడు ఫ్రీ అవుతాడు అన్న రెండు సమయాలు. దారి, కార్డులు ఖాళీ చేసుకునే టైమ్, కనీసం ఒక నిద్ర, అన్నీ ఆ రెంటి మధ్యలోనే పడాలి. తెనాలి పెళ్లికి వెళ్లిన మనిషి శనివారం 4:30 నుంచి ఆదివారం మధ్యాహ్నం 2 గంటల దాకా బుక్ అయినట్టే. ఇలా రాస్తే ఏలూరుతో గొడవ అప్పటికప్పుడే బయటపడుతుంది.

అర్ధరాత్రి దాటిన ముహూర్తాలతో ఇంకో చిక్కుంది. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మారుతుంది, ఫోన్‌లో అర్ధరాత్రి 12 గంటలకు మారుతుంది. "శనివారం రాత్రి 2:36" అని చూసి ఎవరైనా క్యాలెండర్‌లో శనివారం, `2:36 AM` అని ఎక్కిస్తే అది నిజానికి శుక్రవారం రాత్రి అవుతుంది. శనివారం ఉదయం లేచి చూసేసరికి ఆ ఈవెంట్ అయిపోయిన వాటిలో ఉంటుంది. రిమైండర్ ముందు రోజే మోగిపోయి ఉంటుంది. శనివారం సాయంత్రం జాబితాలో పెళ్లే కనిపించదు. ఇది కనిపెట్టడానికి తేలిక మార్గం ఒకటుంది. క్యాలెండర్‌లో అర్ధరాత్రి 12కీ ఉదయం 6కీ మధ్య మొదలయ్యే ఎంట్రీ ఏదైనా ఉంటే అది అనుమానించాల్సిందే. బయల్దేరే సమయంతో మొదలుపెట్టే అలవాటు ఉంటే ఇలాంటి ఎంట్రీ దాదాపుగా పడదు, ఎందుకంటే రాత్రి పెళ్లికైనా టీమ్ కదిలేది సాయంత్రమే. తెల్లవారుజామునే బయల్దేరాల్సిన పగటి పెళ్లి ఒక్కటే మినహాయింపు. ఈవెంట్ పేరులోనే "శని రాత్రి, తెల్లవారితే ఆది" అని శుభలేఖలో ఉన్నట్టే రాసుకోవడం మంచిది. పార్టీతో ఫోన్‌లో సరిచూసుకునేటప్పుడు రెండువైపులా ఒకే మాట ఉంటుంది.

`All day` విషయంలో ఇంకొకటి తెలుసుకోవాలి. గూగుల్ క్యాలెండర్‌లో రోజంతా అని పెట్టిన ఈవెంట్ మామూలుగా `Free` గా నమోదవుతుంది, `Busy` గా కాదు. పుట్టినరోజులు, సెలవులు లాంటి వాటికోసం అలా పెట్టారు. కానీ ఆ క్యాలెండర్‌ని చూసి ఖాళీ ఉందో లేదో చెప్పే బుకింగ్ పేజీ ఏదైనా కలిపి ఉంటే, పెళ్లి ఉన్న రోజు కూడా ఖాళీగానే చూపిస్తుంది. ప్రీ వెడ్డింగ్ షూట్‌కి ఆన్‌లైన్‌లో స్లాట్ ఇచ్చే స్టూడియోలు ఇక్కడ దెబ్బతింటాయి.

గొడవ పట్టుకోవడమే అసలు ఫీచర్

ఏ టూల్‌ని పరీక్షించినా మొదటి పరీక్ష ఇదే కావాలి: ఒకే మనిషిని రెండు చోట్ల వేస్తే అది చెబుతుందా? అన్నీ చెబుతాయని అనుకుంటాం. చాలావరకు చెప్పవు. మామూలు క్యాలెండర్ రెండు ఈవెంట్లనూ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది తప్ప ఆపదు. పనుల్ని కార్డులుగా పేర్చే టాస్క్ బోర్డుల్లో అయితే అది కూడా ఉండదు. ఒక మనిషి పేరు మీద ఒకే గంటలో పది కార్డులున్నా అభ్యంతరం చెప్పవు. వాటి దృష్టిలో పని అంటే ఫలానా రోజులోగా పూర్తి కావాల్సింది, ఫలానా గంటలో ఫలానా ఊళ్లో ఉండాల్సింది కాదు.

ఇదే పరీక్ష వస్తువులకీ పెట్టాలి. స్టూడియోకి డ్రోన్ ఒకటే, గింబల్ ఒకటే, మంచి జూమ్ లెన్స్ ఒకటే. కొన్ని టూల్స్ మనుషుల్ని ఒక జాబితాలో, పరికరాల్ని వేరే జాబితాలో పెట్టి, పరికరాల భాగం ఎక్కువ ధర ఉన్న ప్లాన్‌లో ఇస్తాయి. నిజానికి షెడ్యూల్ దృష్ట్యా డ్రోన్‌కీ మనిషికీ తేడా లేదు. రెండూ ఒకేసారి రెండు చోట్ల ఉండలేవు. డ్రోన్‌ని కూడా టీమ్‌లో ఒక మనిషిగా చేర్చేస్తే చాలావరకు పని జరిగిపోతుంది.

ఈ గొడవ పట్టుకునే పనిని డబ్బు పెట్టకుండా మామూలు గూగుల్ షీట్‌లోనే చేయవచ్చు. ఒక వరుసలో ఒక మనిషి లేదా ఒక వస్తువు, ఒక ఈవెంట్. A లో బయల్దేరే తేదీ, సమయం. B లో ఫ్రీ అయ్యే తేదీ, సమయం. C లో ఎవరు. D లో ఏ పెళ్లి. E లో ఒప్పుకున్నాడా లేదా. తెనాలి పెళ్లికి నలుగురు మనుషులు, డ్రోన్ వెళ్తే ఐదు వరుసలు. తర్వాత `A2:E500` ఎంచుకుని, `Format` లో `Conditional formatting` తెరిచి, `Custom formula is` దగ్గర ఇది పెట్టి, రంగు ఎరుపు ఎంచుకోవాలి:

```
=AND($C2<>"",SUMPRODUCT(($C$2:$C$500=$C2)*($A$2:$A$500<$B2)*($B$2:$B$500>$A2))>1)
```

అదే పేరున్న వరుసల్లో, ఒకటి ముగియకముందే ఇంకొకటి మొదలయ్యేవి ఎన్నో ఇది లెక్కపెడుతుంది. ప్రతి వరుసా తనను తాను ఒకసారి లెక్కించుకుంటుంది కాబట్టి ఒకటి కన్నా ఎక్కువ వస్తేనే గొడవ. అప్పుడు రెండు వరుసలూ ఎర్రగా మారతాయి. పెళ్లి రద్దయితే వరుస తీసేయకుండా మనిషి పేరు గడి మాత్రం ఖాళీ చేస్తే చాలు, అది లెక్కలోకి రాదు, బుకింగ్ జరిగిన ఆనవాలు మాత్రం మిగులుతుంది.

ఈ షీట్ ఎర్రగా మారాల్సిన చోట మారకపోతే కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి. పేరు ఒకచోట "రవి", ఇంకోచోట "రవి కుమార్" అని ఉండటం మొదటిది. `Data validation` తో పేర్లను డ్రాప్‌డౌన్‌గా పెట్టేస్తే ఇది పోతుంది. రెండోది తేదీలు. షీట్ సెట్టింగ్స్‌లో `Locale` అమెరికాగా ఉంటే 03/04 అని కొట్టినప్పుడు ఏప్రిల్ 3 కాకుండా మార్చి 4 అవుతుంది. 25/04 అని కొడితే ఇరవై ఐదో నెల అంటూ ఏదీ లేదు కాబట్టి దాన్ని తేదీగా కాకుండా ఉత్త అక్షరాలుగా ఉంచేస్తుంది, ఫార్ములా దాన్ని పట్టించుకోదు. తేడా కంటికి కనిపిస్తుంది. నిజమైన తేదీ గడిలో కుడి పక్కకి ఉంటుంది, అక్షరాలుగా మిగిలింది ఎడమ పక్కకి ఉంటుంది. `File` లో `Settings` కి వెళ్లి `Locale` ని ఇండియాకి మార్చడం షీట్ మొదలుపెట్టినప్పుడే చేయాల్సిన పని.

డబ్బు పెట్టి కొనే టూల్ ఏదైనా ముందు ఈ షీట్ కన్నా బాగా చేయగలగాలి. చేయలేకపోతే దాని డ్యాష్‌బోర్డు ఎంత అందంగా ఉన్నా లాభం లేదు.

డేట్ ఆపి పెట్టమంటారు

పెళ్లివాళ్లు ఫోన్ చేసి "ఆ డేట్ మాకోసం ఆపండి, ఇంట్లో మాట్లాడి చెబుతాం" అంటారు. అడ్వాన్స్ రాదు. ఓనర్ డైరీలో పెన్సిల్‌తో రాస్తాడు. వారం తర్వాత అదే ముహూర్తానికి ఇంకొకరు అడ్వాన్స్‌తో సహా వస్తే ఏం చేయాలో తెలీదు. మొదటివాళ్లకి ఫోన్ చేస్తే ఎత్తరు. సీజన్‌లో డబ్బు పోయేది, మాట పోయేది ఎక్కువగా ఇక్కడే.

టూల్‌లో దీనికి కావాల్సింది మూడు స్థితులు: అడిగారు, ఆపాం, అడ్వాన్స్ వచ్చింది. రెండో స్థితికి గడువు తేదీ తప్పనిసరిగా ఉండాలి. "ఆపాం" అన్నది గడువు లేకుండా ఉంటే ఆ డేట్ అమ్ముడుపోయినట్టూ కాదు, ఖాళీ ఉన్నట్టూ కాదు. చాలా టూల్స్‌లో `Tentative` అని ఒక రంగు ఇస్తారు, గడువు మాత్రం ఇవ్వరు. షీట్‌లో అయితే బుకింగ్‌ల ట్యాబ్‌లో ఇంకో గడి పెట్టి, గడువు దాటితే పసుపు రంగు వచ్చేలా చేసుకోవచ్చు. పార్టీకి మొదటి ఫోన్‌లోనే "గురువారం సాయంత్రం దాకా మీకోసం ఉంచుతాం, ఆ తర్వాత ఎవరు అడ్వాన్స్ ఇస్తే వాళ్లకి" అని చెప్పేస్తే రెండువైపులా టెన్షన్ తగ్గుతుంది. గడువు అనేది సాఫ్ట్‌వేర్ కన్నా ముందు మాటలో ఉండాలి. సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తు చేస్తుంది, అంతే.

చెప్పామా, విన్నాడా, ఒప్పుకున్నాడా

వాట్సాప్ గ్రూపులో "ఆదివారం ఏలూరు, రవి, సురేష్, డ్రోన్" అని పెడతారు. కింద నాలుగు బొటనవేళ్లు పడతాయి. వాటిలో సురేష్‌ది ఉందో లేదో ఎవరూ చూడరు. సురేష్ ఫ్రీలాన్సర్ అయితే అతనికి అలాంటి గ్రూపులు ఐదారు ఉంటాయి. ఈ మెసేజ్ వచ్చిన గంటకే పాత పెళ్లి టీజర్ లింకులు, గుడ్ మార్నింగ్‌ల కిందికి వెళ్లిపోతుంది.

కాబట్టి మనిషిని వేయడం, మనిషి ఒప్పుకోవడం అన్న రెండూ టూల్‌లో వేరువేరుగా కనిపించాలి. గూగుల్ క్యాలెండర్‌లో ఈవెంట్‌కి అతని జీమెయిల్ చేరిస్తే అవును, కాదు, చెప్పలేను అన్న మూడు జవాబులు వస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న అందరికీ సాధారణంగా జీమెయిల్ ఉంటుంది కాబట్టి ఫ్రీలాన్సర్ కొత్తగా ఏ యాప్ వేసుకోనక్కర్లేదు, అతనికోసం మనిషికి ఇంత అని కట్టే సీటు కొననక్కర్లేదు. ఇది చిన్న టీమ్‌కి చాలా పెద్ద సౌకర్యం. కొత్త యాప్ వేసుకోమంటే సీజన్‌కి ఐదు రోజులు వచ్చే మనిషి వేసుకోడు. వేసుకున్నా నోటిఫికేషన్లు ఆపేసుకుంటాడు.

ఇందులో తెలియక పోగొట్టుకునేవి రెండున్నాయి. ఈవెంట్‌కి ఓనర్ పెట్టుకున్న రిమైండర్ ఓనర్‌కే మోగుతుంది. పిలిచినవాళ్లకి వాళ్ల ఫోన్‌లో ఉన్న సెట్టింగే వర్తిస్తుంది. అది సాధారణంగా అరగంట ముందు మాత్రమే. విజయవాడ నుంచి తెనాలి వెళ్లాల్సిన మనిషికి అరగంట ముందు మోగితే ఏం లాభం? ఫ్రీలాన్సర్‌ని మొదటిసారి పిలిచినప్పుడే అతని ఫోన్‌లో ఒక రోజు ముందు, మూడు గంటల ముందు అని రెండు రిమైండర్లు పెట్టించడం మంచిది. రెండోది, ఈవెంట్ వివరాల్లో రాసిన ప్రతిదీ పిలిచినవాళ్లందరికీ కనిపిస్తుంది. ప్యాకేజీ రేటు, అడ్వాన్స్ ఎంత వచ్చింది, ఎవరికెంత ఇస్తున్నాం లాంటివి అక్కడ రాయకూడదు. వాటి చోటు వేరే షీట్. ఈవెంట్‌లో ఉండాల్సింది మండపం లొకేషన్, పెళ్లివారి తరఫున మాట్లాడే ఒక మనిషి నంబర్, ముహూర్తం, ఎవరు ఏం తీయాలి, ఇంతే.

మార్పులు వచ్చినప్పుడు కూడా ఇదే సూత్రం. మండపం మారినా, రిసెప్షన్ గంట ముందుకి జరిగినా, పాత ఈవెంట్‌నే సవరించాలి. కొత్తది పెట్టి పాతదాన్ని వదిలేస్తే సగం మంది పాత చోటికి వెళ్తారు. సవరించేటప్పుడు పిలిచినవాళ్లకి తెలియజేయాలా అని అడుగుతుంది, అక్కడ పంపమనే చెప్పాలి. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అన్నది తర్వాత చూడగలిగే వీలు ఉందో లేదో కూడా కొనేముందు చూసుకోవాలి. షీట్‌లో `Version history` ఉంటుంది. కొన్ని టూల్స్ దీన్ని ఖరీదైన ప్లాన్‌కే ఇస్తాయి.

అమెరికాలో ఉండే పెళ్లివాళ్లతో వీడియో కాల్స్ ఉంటే టైమ్ జోన్ సంగతి ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రతి ఆదివారం మన రాత్రి 8 గంటలకి అని డాలస్ వాళ్లతో పెట్టుకున్న కాల్ అక్కడ వేసవిలో ఉదయం 9:30కి పడుతుంది. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు వెనక్కి జరుగుతాయి కాబట్టి ఆ రోజు నుంచి 8:30కి పడుతుంది. క్యాలెండర్ ఆహ్వానం పంపితే అది తనంతట తాను సరిచూసుకుంటుంది. వాట్సాప్‌లో "మీకు తొమ్మిదిన్నర" అని రాస్తే అది సరిచూసుకోదు.

పెళ్లి అయ్యాక నడిచే పని

షెడ్యూల్ సగమే. పెళ్లి అయ్యాక డేటా కాపీ, ఫొటోల ఏరివేత, పార్టీకి సెలెక్షన్ పంపడం, డిజైన్, కరెక్షన్లు, ల్యాబ్, డెలివరీ. ఇక్కడికి వచ్చేసరికి టీమ్‌లు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ టూల్స్ వైపు చూస్తాయి. పొరపాట్లు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే.

ఆల్బమ్ ఆలస్యానికి పెద్ద కారణం ఎడిటర్ కాదు, సెలెక్షన్. రెండు మూడు వేల ఫొటోల్లోంచి నూటయాభై ఎంచుకోమంటే పెళ్లికూతురు కొత్త ఇంట్లో, పెళ్లికొడుకు ఆఫీసులో, తల్లిదండ్రులు ఊళ్లో. నెలలు గడుస్తాయి. ఆరో నెలలో ఫోన్ చేసి "ఇంకా ఆల్బమ్ ఇవ్వలేదేంటి" అంటారు. ఆ క్షణంలో స్టూడియో దగ్గర ఉండాల్సింది ఒక్క సమాచారమే: పని ఎవరి దగ్గర ఆగింది, ఎప్పటి నుంచి ఆగింది. ఎన్ని శాతం పూర్తయింది అన్న గ్రాఫ్ దీనికి పనికిరాదు.

అందుకని స్థితులు తక్కువ ఉండాలి, ప్రతి స్థితికీ ఒక మనిషి ఉండాలి. కాపీ కావాలి అంటే కెమెరామన్ దగ్గర. సెలెక్షన్ అంటే పార్టీ దగ్గర. డిజైన్ అంటే డిజైనర్ దగ్గర. ఓకే చెప్పాలి అంటే మళ్లీ పార్టీ దగ్గర. ల్యాబ్. ఇచ్చేశాం. ఈ ఆరు సరిపోతాయి. స్థితి మారిన రోజు పక్క గడిలో పడాలి. దాన్నిబట్టి ఎన్ని రోజులుగా కదల్లేదో చూసుకుని వారానికోసారి పార్టీకి ఒక ఫోన్ చేస్తే పని నడుస్తుంది. టూల్‌లో స్థితులు ఎన్నైనా పెట్టుకోవచ్చు అనగానే కలర్ కరెక్షన్ మొదలైంది, కలర్ కరెక్షన్ సగం, రెండో కరెక్షన్ అంటూ పదిహేను పెట్టుకుంటారు. నెల తిరిగేసరికి కార్డులన్నీ మూడో గడిలోనే ఉండిపోతాయి. ఎడిటర్ పని చేస్తూనే ఉంటాడు, కార్డు జరపడం మాత్రం మానేస్తాడు. బోర్డు ఒకసారి అబద్ధం చెప్పడం మొదలుపెడితే ఇక ఎవరూ దాన్ని చూడరు.

కాపీ విషయంలో మాత్రం ఒక గట్టి నియమం కావాలి. రెండు వేరు డ్రైవుల్లో డేటా పడిందని ఎవరైనా తన పేరుతో టిక్ పెట్టేదాకా ఆ మెమరీ కార్డులు తర్వాతి ఈవెంట్‌కి వెళ్లకూడదు. పెళ్లి ఫొటోలు పోతే మళ్లీ తీయలేం. ఈ ఒక్క టిక్ కోసం ఎంత పట్టుబట్టినా తప్పులేదు.

పనుల్ని తేదీల మీద గీతలుగా చూపే గ్యాంట్ చార్టు, ఒక పని జరిగితేగానీ ఇంకోటి మొదలవకుండా ముడిపెట్టే డిపెండెన్సీలు, గంటల లెక్క చూసే టైమ్ ట్రాకింగ్ ఈ టీమ్‌కి అక్కర్లేదు. గ్యాంట్ చార్టులో సెలెక్షన్‌కి పది రోజులని గీత గీస్తారు, పార్టీ డెబ్బై రోజులు తీసుకుంటుంది, వెనకున్న గీతలన్నీ జరుగుతాయి. రోజూ దాన్ని సరిచేసేవాళ్లు ఎవరూ ఉండరు. టైమ్ ట్రాకింగ్ గంటల లెక్కన బిల్లు వేసేవాళ్లకి ఉపయోగం. ఇక్కడ రేటు ఈవెంట్‌కి, ఆల్బమ్‌కి. కెమెరామన్ ఎక్కడున్నాడో జీపీఎస్‌లో చూసే సౌకర్యం కూడా అలాంటిదే. మండపానికి చేరాక గ్రూపులో ఒక లొకేషన్ పంపితే సరిపోయేదానికి మనిషి మీద నిఘా పెడితే మంచి ఫ్రీలాన్సర్ వచ్చే సీజన్‌కి రాడు.

ధర ఎలా లెక్కేయాలి

మనిషికి ఇంత అని వసూలు చేసే టూల్స్ ఈ రకం టీమ్‌కి సరిపడవు. లెక్క కోసం నెలకు మనిషికి 500 రూపాయలు అనుకుందాం. ఆరుగురికి 3,000. సీజన్‌లో పదహారు మంది అవుతారు కాబట్టి 8,000. ఏడాదికి ఒకేసారి కడితే తక్కువ పడుతుందని పదహారు సీట్లు తీసుకుంటే తగ్గింపు లెక్కేయకముందు 96,000. ఆషాఢంలో, మూఢంలో ఆ పది సీట్లూ ఖాళీ. సీట్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు తగ్గించుకోవచ్చా, లేక సంవత్సరం దాకా కట్టాల్సిందేనా అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదే ముందు చదవాలి. బయటి మనిషిని సీటు లేకుండా తన పనివరకే చూడనిచ్చే గెస్ట్ పద్ధతి ఉందా అన్నది రెండోది.

ఉచిత ప్లాన్ ఎప్పటికీ అలాగే ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. ట్రెల్లో అనే టాస్క్ బోర్డు టూల్ ఉచితంగా ఎంతమందినైనా చేర్చుకోనిచ్చేది. 2024లో ఒక వర్క్‌స్పేస్‌కి పదిమంది అన్న హద్దు పెట్టింది. పదకొండో మనిషి ఉన్న టీమ్‌లన్నీ డబ్బు కట్టడమో ఖాళీ చేయడమో తేల్చుకోవాల్సి వచ్చింది. కంపెనీ దాని వ్యాపారం అది చేసుకుంటుంది, అందులో తప్పులేదు. తేల్చుకోవాల్సిన రోజున మన సమాచారం మన చేతికి వస్తుందా అన్నదే చూసుకోవాలి.

అది తెలుసుకోవడం కష్టం కాదు. ట్రయల్ మొదలుపెట్టిన మొదటి రోజే నాలుగు బుకింగ్‌లు తెలుగు పేర్లతో సహా ఎక్కించి, ఎక్స్‌పోర్ట్ కొట్టి, వచ్చిన ఫైల్ తెరిచి చూడాలి. పార్టీ పేరు, ఫోన్, తేదీలు వస్తాయి. కామెంట్లు, జత చేసిన ఫైళ్లు, ఎవరు ఎప్పుడు మార్చారన్న చరిత్ర చాలాసార్లు రావు. ఇంకొకటి, ఎక్స్‌పోర్ట్‌లో వచ్చిన CSV ఫైల్‌ని నేరుగా డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు. డేటా పాడైందని కంగారు పడక్కర్లేదు. ఎక్సెల్‌లో `Data` కి వెళ్లి `From Text/CSV` తో తెరిచి, `65001: Unicode (UTF-8)` ఎంచుకుంటే మామూలుగా వస్తాయి. పేర్లతో వెతకడం మీద కూడా ఆధారపడకూడదు. లక్ష్మి అన్న ఒక్క పేరునే `Lakshmi`, `Laxmi`, లక్ష్మి అని ముగ్గురు మూడు రకాలుగా ఎక్కిస్తారు. పార్టీ ఫోన్ నంబర్‌తో వెతికితే తేడా రాదు.

ట్రయల్‌లో డెమో డేటాతో ఆడుకుంటే ఏ టూలైనా బాగానే ఉంటుంది. గడిచిన సీజన్‌లో అన్నిటికన్నా గందరగోళం అయిన ముహూర్తం రోజు ఒకటి తీసుకుని, ఆ రోజూ దానికి ముందు వెనక రోజులూ ఉన్న ఈవెంట్లన్నీ, వెళ్లిన మనుషులందర్నీ ఫోన్‌లోంచే ఎక్కించి చూడాలి. కంప్యూటర్‌లో కాదు, ఎందుకంటే నిజంగా మార్పులు వచ్చేది ఓనర్ ఇంకో మండపంలో ఉన్నప్పుడు. ఒక ఈవెంట్ ఎక్కించడానికి రెండు నిమిషాలకన్నా ఎక్కువ పడితే సీజన్‌లో ఎవరూ ఎక్కించరు. ఎక్కించాక ఒక పెళ్లిని గంట ముందుకు జరిపి, ఒక మనిషిని మార్చి, ఆ మార్పు ఎవరెవరికి తెలిసిందో చూడాలి. నెట్ ఆపేసి రేపటి షెడ్యూల్ తెరుచుకుంటుందో లేదో కూడా చూడాలి. ఊరి చివర ఫంక్షన్ హాళ్లలో సిగ్నల్ ఉండదు.

షీట్, క్యాలెండర్ ఈ రెంటితోనే చాలా స్టూడియోలు ఏళ్లతరబడి నడపగలవు. అవి చాలనప్పుడు ఆ సంగతి తెలుస్తూనే ఉంటుంది. షీట్‌ని ఇద్దరికన్నా ఎక్కువమంది రోజూ మార్చాల్సి రావడం, షీట్‌లో ఒకటి క్యాలెండర్‌లో ఇంకొకటి ఉండటం వారంలో రెండుమూడుసార్లు కనిపించడం, రెండో ఊళ్లో బ్రాంచి పెట్టడం. అప్పుడు డబ్బు పెట్టి టూల్ కొనడం సబబే. కొన్నా మొదటి సీజన్ అంతా పాత షీట్‌ని పక్కనే నడపాలి, ఎరుపు రంగు రెండుచోట్లా ఒకే వరుసల మీద పడుతోందో లేదో చూసుకుంటూ. మారడానికి సరైన సమయం ఆషాఢమో పుష్యమో, మాఘమాసం మొదటి వారం మాత్రం కాదు.